నీ మెయిల్‌లో మూడో పేరా

బుజ్జీ,

ఉద్యోగం పోయాక కొత్త చోటికి అప్లై చేస్తూ నువ్వు రాసిన మెయిల్ డ్రాఫ్ట్ రాత్రే చదివాను. ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో "అమ్మా, అక్కడ ఏం జరిగిందో నీకు తెలీదు" అంటావు, నేను ఆగిపోతాను. అందుకే రాస్తున్నాను. ఏం జరిగిందో నాకు తెలుసు, నువ్వే గంటసేపు చెప్పావు. అందులో ఎంతవరకు కొత్త ఆఫీసువాళ్లకి తెలియాలి అన్నదే ఇప్పుడు మన పని.

నీ మెయిల్‌లో మొత్తం పద్నాలుగు వాక్యాలున్నాయి, లెక్కపెట్టాను. వాటిలో ఎనిమిది పాత ఆఫీసు గురించే. నువ్వు చేసిన పని గురించి మూడు. మిగతా మూడు నమస్కారం, ఉద్యోగం పేరు, థాంక్స్. ఇన్నేళ్లు అప్లికేషన్లు చదివిన దాన్ని కాబట్టి చెప్తున్నాను, ఇలాంటి మెయిల్ చదివాక మనిషి గుర్తుండదు, గొడవ గుర్తుంటుంది.

నువ్వు ఇంగ్లీషులో రాసిన పేరాని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంది:

"దురదృష్టవశాత్తు పోయిన నెల నన్ను హఠాత్తుగా ఉద్యోగం నుంచి తీసేశారు. రెండేళ్లుగా నా రేటింగ్ ఎప్పుడూ బాగానే ఉంది. మేనేజ్‌మెంట్ తీసుకున్న తప్పుడు నిర్ణయాల వల్ల మా టీమ్‌కి పని తగ్గిపోయింది. మా మేనేజర్‌కి ముందే తెలిసినా మాకు చెప్పలేదు. పదకొండు మందిలో ఎనిమిది మందిని పదిహేను నిమిషాల కాల్‌లో పంపించేశారు. మా పనిని వేరే టీమ్‌కి ఇచ్చేశారు. రెండు నెలల జీతం ఇచ్చారు గానీ అది మాకు జరిగిన దానికి సరిపోదు. ఇది నా తప్పు కాదని మీరు అర్థం చేసుకుంటారని ఆశిస్తున్నాను."

ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు. అయినా దాదాపు అంతా తీసేయాలి.

అవతల కూర్చుని చదివే మనిషికి నీ రెజ్యూమెలో ఉద్యోగం ముగిసిన నెల కనబడగానే వచ్చే సందేహాలు మూడే. పని చేతకాక పంపించేశారా? ఏదైనా తప్పు చేసి బయటికి వచ్చిందా? ఎప్పుడు చేరగలదు? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఆయన పక్క లైనుకి వెళ్లిపోతాడు. మేనేజర్‌కి ముందే తెలుసా లేదా అన్నది ఆయన అడగని ప్రశ్న. అడగని ప్రశ్నకి జవాబు చెబితే, ఈవిడ ఇంకా అందులోనే ఉంది అనుకుంటాడు. పైగా ఒక వైపు మాటే విన్నాడు కాబట్టి రెండో వైపు ఏమై ఉంటుందా అని ఆలోచించడం మొదలుపెడతాడు.

ఇక ఒక్కో వాక్యం చూద్దాం. "దురదృష్టవశాత్తు", "హఠాత్తుగా" ఈ రెండు మాటలూ జాలి అడుగుతున్నాయి. "నన్ను తీసేశారు" అన్న మాటతో ఇంకో చిక్కుంది. పని బాగాలేక తీసేసినా అదే మాట, పోస్టు ఎత్తేసినా అదే మాట. నీ విషయంలో పోయింది పోస్టు. కాబట్టి వాక్యంలో కర్త నువ్వు కాకూడదు, మేనేజర్ కాకూడదు. పోస్టు కావాలి. "నా పోస్టు రద్దయింది" అనగానే మొదటి సందేహం సగం తీరిపోతుంది, ఎవరినీ నిందించినట్టూ ఉండదు.

రేటింగ్ గురించి రాసిన వాక్యం నీకు చాలా ఇష్టమని తెలుసు. కానీ లేఆఫ్ సంగతి పక్కనే రాసేసరికి అది సంజాయిషీ అయిపోయింది. అదే పేమెంట్ల యాప్‌లో రిలీజ్‌కి ముందు చేసే టెస్టింగ్‌ని నాలుగు రోజుల నుంచి ఒకటిన్నర రోజుకి తెచ్చావన్నావే, దాన్ని రెండో పేరాలో పెట్టు. అది చదివినవాడికి నీ రేటింగ్ ఎంతో వేరే చెప్పక్కర్లేదు. అంత మంచి విషయం నీ డ్రాఫ్ట్‌లో లేకపోవడం నాకు ఆశ్చర్యం వేసింది.

నిర్ణయాలు తప్పా ఒప్పా అన్న వాక్యం, మేనేజర్ వాక్యం పూర్తిగా తీసెయ్. రేపు నువ్వు రిఫరెన్స్ అడగాల్సింది వాళ్లలో ఎవరినో ఒకరినే. అదొక్కటే కాదు, మెయిల్ ఒకసారి పంపాక ఎవరెవరికి ఫార్వర్డ్ అవుతుందో మన చేతిలో ఉండదు. నేను చూసుకునే పరీక్ష ఇది: ఈ వాక్యాన్ని నా పాత మేనేజర్ చదివితే "ఇలా జరగలేదు" అనగలడా? అనగలిగితే ఆ వాక్యం వద్దు.

ఎంతమందిని తీశారు, ఎంత డబ్బిచ్చారు అన్నవి వేరే కారణంతో పోవాలి. వచ్చేటప్పుడు నువ్వు సంతకం పెట్టిన కాగితం తీసి నింపాదిగా చదువు. అలాంటి వాటిలో చాలాసార్లు ఇచ్చిన మొత్తం బయటపెట్టకూడదనీ, కంపెనీని కించపరిచేలా మాట్లాడకూడదనీ రాసి ఉంటుంది. నీ దాంట్లో లేకపోయినా సరే, కంపెనీ బయటికి చెప్పని అంకెని నువ్వు చెబితే, రేపు మా లెక్కలు కూడా ఇలాగే చెబుతుందేమో అనుకుంటారు. "చాలా పోస్టులు" అంటే చాలు. నువ్వొక్కదానివే కాదని అది చెప్పేస్తుంది.

చివరి వాక్యం, "నా తప్పు కాదని" అన్నది. అది చదివి నాకు బాధేసింది. ఎవరూ నిన్ను తప్పు పట్టకముందే ఎందుకు చెప్పుకుంటున్నావే!

ఆ ఎనిమిది వాక్యాల స్థానంలో ఇది పెట్టు:

"మా కంపెనీ టెస్టింగ్ విభాగాన్ని తగ్గించింది. అందులో భాగంగా మార్చిలో నా పోస్టుతో పాటు మా టీమ్‌లోని చాలా పోస్టులు రద్దయ్యాయి. నేను వెంటనే చేరగలను. రెండేళ్లు నా పనిని దగ్గరగా చూసిన టీమ్ లీడ్ మీతో మాట్లాడడానికి సిద్ధంగా ఉన్నారు."

నాలుగే వాక్యాలు, అవీ చిన్నవి. మొదటి రెండూ ఏం జరిగిందో చెబుతాయి, మూడోది ఎప్పుడు చేరతావో, నాలుగోది పని సంగతి. "పనులన్నీ సక్రమంగా అప్పగించి వచ్చాను" అని కూడా రాద్దామనుకున్నాను, చూడడానికి బాగుంటుంది. కానీ అదే రోజు ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకున్నారన్నావు కదా. అప్పగించే అవకాశమే లేనప్పుడు అప్పగించానని ఎలా రాస్తాం? నీ టీమ్ లీడ్ మాట కూడా ఆయన్ని అడిగి, సరేనన్నాకే రాయి. పేరు, నంబరు మెయిల్‌లో పెట్టకు, వాళ్లు అడిగినప్పుడు ఇద్దువుగాని.

దీన్ని మూడో పేరాగానే ఉంచు. సబ్జెక్ట్ లైన్‌లో వద్దు, మొదటి వాక్యంలో వద్దు. ముందు ఏ ఉద్యోగానికి రాస్తున్నావు, తర్వాత ఆ ఉద్యోగానికి పనికొచ్చేది నువ్వేం చేశావు, ఆ తర్వాత ఇది. దీంతోనే మెయిల్ ముగించకు కూడా. ఆఖర్న వాళ్ల పని గురించి ఒక వాక్యం ఉంటే చదివేవాడి కళ్లు అక్కడ ఆగుతాయి.

ఈ మాటలు నీ స్నేహితులకి యథాతథంగా పంపకు. నీతోపాటు బయటికి వచ్చిన వాళ్లకి ఇవి సరిపోతాయి. టీమ్‌లో తన ఒక్కడి పోస్టే పోయినవాడు "చాలా పోస్టులు" అని రాస్తే అబద్ధం. అతను "సంస్థాగత మార్పుల్లో నా పోస్టు రద్దయింది" అని ఊరుకోవాలి. పని బాగాలేదని పంపించేసిన వాళ్లు అసలు లేఆఫ్ అన్న మాటే వాడకూడదు. పాత కంపెనీకి ఫోన్ చేసి సరిచూసుకునేవాళ్లుంటారు. అక్కడ దొరికిపోతే ఉద్యోగం పోయినందుకు కాదు, దాచినందుకు వద్దంటారు.

నేను ఇంత నమ్మకంగా చెప్పడానికి కారణం నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు చిన్నప్పుడు నా పోస్టు కూడా ఇలాగే పోయింది. నేను పేజీన్నర ఉత్తరం రాశాను, ఎవరేం చేశారో పేర్లతో సహా. ఒక చోట ఇంటర్వ్యూకి పిలిచారు. అరగంటలో ఇరవై నిమిషాలు ఆ ఉత్తరం గురించే అడిగారు. చివర్లో ఒకాయన నెమ్మదిగా, "మేమూ మీకు నచ్చని నిర్ణయాలు తీసుకుంటామండీ, అప్పుడు మా గురించి ఎవరికి రాస్తారు?" అన్నారు. ఆయన మీద చాలా రోజులు కోపంగా ఉన్నాను. తర్వాత నేనే ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు, ఆయన అడిగింది సబబే అనిపించింది.

ఇంటర్వ్యూలో దీని గురించి తప్పకుండా అడుగుతారు. మెయిల్‌లో రాసిన మొదటి రెండు వాక్యాలే నోటితో చెప్పు, చెప్పి ఆగు. ఆగడమే కష్టం. అవతలివాళ్లు రాసుకుంటూ కాసేపు మాట్లాడరు, ఆ నిశ్శబ్దం టెన్షన్ పెడుతుంది, దాన్ని నింపడానికే మనం మేనేజర్ కథ మొదలుపెడతాం. "మిమ్మల్నే ఎందుకు ఎంచుకున్నారు?" అంటే, "ఎలా ఎంపిక చేశారో మాకు చెప్పలేదండీ" అను. అదే నిజం. అద్దం ముందు కాదు, నాకు ఫోన్ చేసి ప్రాక్టీస్ చెయ్యి. నేను అడుగుతాను, నువ్వు రెండు వాక్యాల దగ్గర ఆగగలవో లేదో చూద్దాం.

నీ ఎనిమిది వాక్యాలు చెరిపెయ్యకు. వేరే ఫైల్‌లో దాచుకో, లేదా నాకు చెప్పు, ఎన్నిసార్లయినా వింటాను. నాకూ ఆ మేనేజర్ మీద కోపంగానే ఉంది.

మెయిల్ మార్చాక వెంటనే పంపకు, ఒక రాత్రి ఆగు. ఈలోగా తేదీలు చూసుకో. నీ లెటర్లో చివరి పనిదినం మార్చి అని ఉంది, రెండు నెలల జీతం కలుపుకుని నువ్వు మే అనుకుంటున్నావేమో. లెటర్లో ఏ తేదీ ఉంటే రెజ్యూమెలోనూ మెయిల్‌లోనూ అదే ఉండాలి. నువ్వు నాకు పంపిన రెజ్యూమెలో మాత్రం ఆ ఉద్యోగం ఎదురుగా ఇంకా "ఇప్పటివరకు" అనే ఉంది.

అమ్మ