గ్రామసభ పాఠానికి రెండు పీరియడ్లు కలిపి ఇవ్వండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

గుంటూరు జిల్లాలో హైస్కూలు పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతున్నాను. గ్రామసభ అంటే ఏమిటని పరీక్షలో అడిగితే చాలామంది ‘సర్పంచ్, వార్డు సభ్యుల సమావేశం’ అని రాస్తారు. అది పంచాయతీ. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఈ తేడా ఎన్నిసార్లు బోర్డు మీద రాసినా నిలవదు, ఆడితే నిలుస్తుంది.

మేం ఎలా ఆడిస్తామో చెబుతాను. ముందు ముగ్గురు పిల్లలు బుర్రకథ ఫక్కీలో ఊరి సంగతి చెబుతారు. బుర్రకథలో ఒక వంత వర్తమాన రాజకీయం మాట్లాడే సంప్రదాయం ఉంది కదా, పౌరశాస్త్రానికి అంతకన్నా ఏం కావాలి? పైగా ఇది బుర్రకథ పితామహుడు నాజర్ గారు పుట్టిన జిల్లా. తర్వాత కార్డులు పంచుతాం. సర్పంచ్, కార్యదర్శి, వార్డు సభ్యులు, మిగతా అందరూ ఓటర్లు. పంచాయతీ దగ్గర రెండు లక్షలున్నాయి. కాలనీకి మంచినీళ్ల పైపులైనా, రచ్చబండ దగ్గర సిమెంటు రోడ్డా?

ఒకసారి సర్పంచ్ వేషంలో ఉన్న అబ్బాయి ఐదు నిమిషాల్లో ‘రోడ్డే’ అని తేల్చేశాడు. కాలనీ వాళ్ల కార్డులున్న పిల్లలు నోరెత్తలేదు. అక్కడ ఆట ఆపాం. ‘ఎవరి స్థానంలోకి వెళ్లి ఏం మారిస్తే తీర్పు మారుతుంది?’ అని చూస్తున్న పిల్లల్ని అడిగాం. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ చూపిన దారి ఇది. ఒకమ్మాయి కార్యదర్శి కార్డు తీసుకుని ‘కాలనీలో చాటింపు వేయించారా?’ అంది. సభ మళ్లీ మొదలైంది. ఈసారి కాలనీ వాళ్లు బిందెల లెక్క చెప్పారు. వాదన బాగా జరిగింది.

అసలు పాఠం ఆ తర్వాతే. పిల్లలు కార్డులు తిరిగి ఇచ్చేసి, వేషం వదిలి మామూలుగా కూర్చోవాలి. లేకపోతే సభలో మొదలైన గొడవ బడి బయట కూడా సాగుతుంది. ‘ఎవరు మాట్లాడలేదు, ఎందుకు? తీర్మానానికి ఒక్క సర్పంచ్ సంతకం సరిపోతుందా?’ అని అప్పుడు అడగాలి. ఈ చర్చ లేకపోతే పిల్లలకు గుర్తుండేది తాగుబోతు వేషం వేసినవాడి నవ్వులే. గట్టిగా మాట్లాడే పిల్లలకే ఎప్పుడూ సర్పంచ్ కార్డు దక్కితే కూడా ఆట పాడవుతుంది, అందుకే చీటీలు తీయిస్తాం.

నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో సభ అయ్యేసరికి గంట కొడుతుంది, చర్చ మరునాటికి పోతుంది. అప్పటికి వేడి చల్లారిపోతుంది. అందుకే ఇలాంటి పాఠాలకు వారంలో ఒకరోజు రెండు పీరియడ్లు కలపనివ్వండి. చర్చ తర్వాత పిల్లలు తమ పాత్ర గురించి రాసే పేజీకి ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో మార్కులు వేయనివ్వండి. మార్కులు లేవంటే ‘సిలబస్ వెనకబడుతుంది’ అని టెన్షన్ పడి దీన్ని వార్షికోత్సవం స్టేజీకే పరిమితం చేస్తారు.

వచ్చే విద్యా సంవత్సరం టైమ్‌టేబుల్ వేసేలోగా ఉత్తర్వు వస్తుందని ఎదురుచూస్తాను.

ఇట్లు,
సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని,
గుంటూరు జిల్లా