హాలు 803 అడుగులైతే 997 అడుగుల రాయి లెక్క ఎలా వచ్చింది?

"హాలు ఎనిమిది వందల అడుగులే కదా బాబూ, వెయ్యి అడుగుల రాయి దేనికి? మిగతాది మీ షెడ్డుకేనా?"

గడిచిన వారం శ్రీకాకుళంలోని మా గ్రానైట్ షాపులో ఒక పెద్దాయన అడిగారు. నవ్వేశాను గానీ రెండేళ్ల క్రితం దాదాపు ఇదే కొలత హాలుకి నేను తక్కువ చెప్పి చేతులు కాల్చుకున్నాను. అందుకే ఇక మీదట ఎస్టిమేటు ఇచ్చే పద్ధతి మారుస్తున్నాం. ఎందుకో ఆ హాలు లెక్కతోనే చెబుతాను.

హాలు పొడవు 36 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 22 అడుగులు. అంటే 803 చదరపు అడుగులు. అప్పట్లో మా పద్ధతి అందరిదే: దానికి పది శాతం తరుగు కలిపి 883 అన్నాను. వాళ్లు ఎంచుకున్న లాట్‌లో, అంటే ఒకే బ్లాకు నుంచి కోసిన పలకల్లో, ఒక్కో పలక అంచులు సరిచేశాక 96 అంగుళాల పొడవు, 34 అంగుళాల వెడల్పు. పలకకి 22.67 అడుగులు. ఆ లెక్కన 39 పలకలు దించాం.

మేస్త్రి పని మొదలుపెట్టిన నాలుగో రోజు ఫోన్ చేశాడు. "అన్నా, ఆఖరి వరసలో ఒక పలక తక్కువొచ్చేలా ఉంది. స్కర్టింగ్‌కీ గుమ్మాలకీ రాయేదీ?"

స్కర్టింగ్ అంటే గోడల అడుగున నేలని ఆనుకుని వేసే రాతి పట్టీ. తప్పు ఎక్కడుందో కాగితం మీద గీస్తేగానీ తెలియలేదు. వెడల్పు 22 అడుగులంటే 264 అంగుళాలు. 33 అంగుళాల ముక్కలైతే సరిగ్గా 8 వరసలు. ఇంతవరకూ బాగానే ఉంది. పొడవు వైపు 438 అంగుళాలు. 96 అంగుళాల పలకలు నాలుగు పరిస్తే 384, ఇంకా 54 కావాలి. ఆ 54 కోసం అయిదో పలక కోస్తే 42 అంగుళాలు మిగులుతుంది, అది ఇంకో వరసలోని 54కి సరిపోదు. పైగా జాయింట్లు ఒకే గీతలో రావాలని ఇంటివాళ్లు అడిగారు. అందుకని వరసకి అయిదు సమానమైన ముక్కలు, ఒక్కోటి సుమారు 87.6 అంగుళాలు. ఒక పలక నుంచి అలాంటి ముక్క ఒక్కటే వస్తుంది. 8 వరసలకి 40 పలకలు పడతాయి, ఎవరు కోసినా అంతే.

40 పలకలంటే 907 అడుగులు. నేలకే 13 శాతం తరుగు! స్కర్టింగ్ అంగుళం కూడా ఇంకా ఇందులో లేదు. వెడల్పు కలిసొచ్చిన హాలు కాబట్టి ఇంతే. లాట్ 36 అంగుళాల వెడల్పుదై ఉంటే, 33కి కోశాక పలక పొడవునా దాదాపు 3 అంగుళాల పట్టీ మిగిలేది. 4 అంగుళాల స్కర్టింగ్‌కి కూడా పనికిరాని పట్టీ అది, కానీ దాని డబ్బు మీరే కట్టాలి. అప్పుడు 40 పలకలు 960 అడుగులయ్యేవి. అందుకే రంగు నచ్చాక నేను మొదట చూసేది పలక వెడల్పు. అది మీ హాలు వెడల్పుని ఎన్ని భాగాలు చేస్తుందో దాన్ని బట్టే తరుగు ఉంటుంది. శాతం అనేది లెక్కంతా అయ్యాక తేలే అంకె.

ఇక స్కర్టింగ్. చుట్టుకొలత 117 అడుగులు. అందులో ప్రధాన ద్వారం 4, డైనింగ్ వైపు తలుపు లేని ఓపెనింగ్ 8, రెండు బెడ్‌రూమ్ గుమ్మాలు మూడేసి, మొత్తం 18 తీసేయాలి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆ ఓపెనింగ్‌కి తలుపు చట్రం లేదు కాబట్టి గోడ మందం రెండు వైపులా తిరుగుతుంది, అడుగున్నర. గోడలోంచి ముందుకొచ్చిన రెండు పిల్లర్ల పక్కలకి ఇంకో 2 అడుగులు. మొత్తం 102.5 రన్నింగ్ అడుగులు. 4 అంగుళాల ఎత్తుతో 34 చదరపు అడుగులకి కాస్త పైన.

దీనిలో ఒక చిన్న వెసులుబాటు ఉంది. నేల పలక చివర మిగిలే 8.4 అంగుళాల ముక్కని రెండుగా కోస్తే, 33 అంగుళాల పొడవున్న రెండు స్కర్టింగ్ ముక్కలు వస్తాయి. బ్లేడు తినేది పోయినా సరిపోతుంది. 22 అడుగుల గోడల దగ్గర నేల ముక్కలు కూడా 33 అంగుళాలవే కాబట్టి స్కర్టింగ్ జాయింటు నేల జాయింటు మీదే కూర్చుంటుంది. ఆ రెండు గోడలకీ కావలసిన 40 అడుగులు ఈ ముక్కల్లోంచే తీశాం. పొడవాటి గోడలకి మాత్రం అవి వద్దు. మూడు అడుగులకో అతుకు కనబడితే గోడ పళ్లెత్తినట్టుంటుంది. అక్కడి 62.5 అడుగులకి 8 అడుగుల పట్టీలు కావాలి. ఒక పలకలో 8 పట్టీలు వస్తాయి, 64 అడుగులు. మరీ బొటాబొటి. గుమ్మాల కింద 9 అంగుళాల వెడల్పు పట్టీలకి ఇంకో పలక పడుతుంది, దాని అంచున మరో స్కర్టింగ్ పట్టీ దొరుకుతుంది. అంటే మొత్తం 42 పలకలు, 952 అడుగులు. విరిగితే మార్చడానికి రెండు కలిపితే 44, అంటే 997.

మరి తక్కువైన మూడు పలకలు? అదే క్వారీ నుంచి తెచ్చాను, టెక్కలి వైపు నుంచే. బ్లాకు వేరు. షెడ్డు దగ్గర ఆరుబయట ఒకేలా అనిపించింది. పరిచి నీళ్లు చల్లి, ట్యూబ్‌లైటు వేసి చూస్తే పాత పలకల పక్కన అది బూడిదగా తేలిపోయింది. పొడవాటి గోడల స్కర్టింగ్, గుమ్మాలు నల్లరాయిలోకి మార్చాం, ఆ ఖర్చు నాదే. నేలకి తగ్గిన ఒక్క పలక మాత్రం టీవీ స్టాండు కిందకి వెళ్లింది. ఆ ఇంటి చిన్నమ్మాయి ఇప్పటికీ నన్ను చూస్తే "అంకుల్, ఆ రాయి అక్కడే ఉంది" అంటుంది.

ఇప్పటి నుంచి ఇలా చేస్తాం. ప్లాస్టరింగ్ అయ్యాకే కొలతకి వస్తాం, వెడల్పు రెండు చివర్లా మధ్యలోనూ కొలుస్తాం. మూల నుంచి మూలకి కూడా టేపు పెడతాం. ఆ హాలుకి రెండు వైపులా 42 అడుగుల ఏడున్నర అంగుళాల దగ్గర రావాలి, ఒక వైపు మాత్రం రెండు అంగుళాలు ఎక్కువొచ్చింది. ఒక చివర వెడల్పు ముప్పావు అంగుళం పెరిగింది. స్కర్టింగ్ మందం అంత ఖాళీని కప్పలేదు. 34 అంగుళాల పలక కాబట్టి ఆఖరి వరస ఆ చివర వెడల్పుగా కోసి సర్దాం. 33కే తెచ్చి ఉంటే సందు కనబడేది.

కొలత అయ్యాక పలకల గీత కాగితం మీద ఇస్తాం, లోడు ఎత్తే ముందు మీ మేస్త్రికి చూపించండి. అదనపు రెండు పలకలు కోయకుండా వెనక్కి ఇస్తే అదే రేటుకి తీసుకుంటాం, ఆటో ఖర్చు మీది. కోసిన ముక్కలు మాత్రం మీవే. వాటిని వంటింటి అరలకి వాడుకోవచ్చు. మార్బుల్ వేయించుకునేవాళ్లకి ఈ కాగితం సరిపోదు. గీతలు కలవాలన్నా, చీలికలున్న భాగం తీసేయాలన్నా ఇంకా ఎక్కువ పోతుంది. అది పలకలు ఒక్కొక్కటీ నిలబెట్టి మీరే చూశాక మాట్లాడుకుందాం.

పెద్దాయనకి ఇదంతా చెప్పాక ఆయన తన కాగితం తీసి చూపించారు. హాలు 36 అడుగుల 6 అంగుళాలే, వెడల్పు మాత్రం 22 అడుగుల 6 అంగుళాలట. 270 అంగుళాలు. 33తో భాగిస్తే 8 వరసలు పోను 6 అంగుళాలు మిగిలింది. 30 అంగుళాల ముక్కలైతే 9 వరసలు సరిగ్గా వస్తాయని చెప్పాను. ఆ వెడల్పు లాట్ కోసం వెతుకుతున్నాం.