పార్లర్ పదేళ్ల వేడుకలో నేను మాట్లాడింది

చిన్నీ,

పరీక్షల వల్ల రాలేకపోయావు, నిన్న ఏం మాట్లాడానో రాసి పంపమన్నావు కదా. దీపం వెలిగించి, అమ్మాయిలందరికీ చీరలు పెట్టాక మైకు నా చేతికిచ్చారు. లాక్‌డౌన్‌లో షట్టరు దించేసినా నన్ను వదిలి వెళ్లనందుకు వాళ్లకు, తెరవగానే మళ్లీ వచ్చినందుకు కస్టమర్లకు దణ్ణం పెట్టాను. ఆ తర్వాత చెప్పిందంతా మన దగ్గర రంగులు వేసే అమ్మాయి గురించే.

ముందు వరుసలో ఉన్న టీచరుగారిని అడిగి ఆవిడ సంగతే చెప్పాను. ఆదివారం కూతురి పెళ్లి అనగా, గురువారం పొద్దున జుట్టుకు నల్ల రంగు వేయమని వచ్చారు. ఏళ్ల తరబడి ఇంట్లో వేసుకుంటున్నారట, ఎప్పుడూ ఏమీ కాలేదట. మన అమ్మాయి చెవి వెనక పెసరగింజంత రంగు రాసి, శనివారం రమ్మంది. రంగు వేస్తే చేతికందే కమీషను పోతుందని తెలిసే చెప్పింది. "పెళ్లి పనులు వదులుకుని మళ్లీ రావాలా?" అని ఆవిడ కోప్పడ్డారు, కానీ ఆగారు. శుక్రవారం రాత్రి దురద మొదలైంది. తెల్లవారేసరికి అక్కడ ఎర్రగా వాచి, సన్నని నీటి పొక్కులు లేచాయి. అదే రంగు తలంతా పట్టించి ఉంటే ముఖం వాచి, పీటల మీద కళ్లు తెరవలేకపోయేవారేమో.

ముదురు రంగుల్లో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. ఎన్నేళ్లు వాడినా పడిన ఒంటికి ఒకరోజు హఠాత్తుగా పడకుండా పోవచ్చు. ఆ సంగతి వెంటనే బయటపడదు, ఒకటి రెండు రోజులు పడుతుంది. 48 గంటలు ఆగమనేది అందుకే. నల్ల గోరింటాకు పేరుతో అమ్మే పొడుల్లోనూ చాలాసార్లు ఇదే కలుస్తుంది. కనుబొమలకూ కాస్త రాయమని అడిగేవాళ్లుంటారు. చూపు పోవచ్చని డబ్బా మీదే ఉంటుంది, ఆ మాట వేలు పెట్టి చదివి వినిపిస్తుంది మన అమ్మాయి.

టీచరుగారు చర్మ డాక్టరుకు చూపించుకుని వచ్చారు. పొట్లంలో ఆకు తప్ప మరేమీ కలవలేదని చూసుకుని, ముందు గోరింటాకు పెట్టాం. కడిగితే తెల్ల వెంట్రుకలు ఇటుక రంగులోకి తిరిగాయి. దాని మీద నీలి ఆకు పొడి పట్టిస్తే ముదురు గోధుమ రంగు వచ్చింది. పెళ్లినాటికి ఇంకొంచెం నల్లబడింది.

"వద్దన్న అమ్మాయికి, ఆ మాట విన్న మీకు, ఇద్దరికీ ఈ పార్లర్ రుణపడి ఉంటుంది" అన్నాను. ఆ పిల్ల రంగు మరకల వేళ్లు కొంగులో దాచుకుని ఏడ్చేసింది. టీచరుగారే లేచి వెళ్లి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

దసరాకు జుట్టుకు రంగు వేయించుకుంటానన్నావు. రెండు రోజులు ముందుగా వచ్చేటట్టు టికెట్ తీసుకో, చెవి వెనక రాయిస్తాను.

మీ అమ్మ