మూడు నంబర్లు, ఒకే పెద్దమ్మ: పాలనా సంస్కరణల మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. మాది మదనపల్లె. డిగ్రీ కాలేజీలో సమాజశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు బెంగళూరులో మారతహళ్లి వైపు ఉంటున్నాను. ఈ ఉత్తరం కన్నడ ప్రతిని మీ కార్యాలయానికి పంపాను. ఇందులో చెప్పే ఇబ్బంది ఈ ఊళ్లో మా తెలుగువాళ్లు చాలామందికి ఉంది కాబట్టి తెలుగులోనూ రాస్తున్నాను.

మా వీధి చివర పూలమ్మే పెద్దమ్మ ఒకావిడ ఉంది. చిత్తూరు వైపు నుంచి పెళ్లయిన కొత్తలో ఇక్కడికొచ్చింది. నిరుడు భర్త పోయాడు. వితంతు పింఛనుకు దరఖాస్తు పెట్టుకుంటే, ఏడు నెలల్లో మూడుసార్లు తిప్పి పంపారు. ఏ ఆఫీసో, ఏ అధికారో చెప్పను. నా ఫిర్యాదు ఒక మనిషి మీద కాదు. మూడుసార్లూ కౌంటర్లో కూర్చున్నవాళ్లు మర్యాదగానే మాట్లాడారు, డబ్బులేమీ అడగలేదు, రూల్ ప్రకారమే నడుచుకున్నారు. అందుకే ఈ విషయం మీ దాకా తేవాలనిపించింది.

మొదటిసారి దరఖాస్తు పద్దెనిమిదో రోజున వెనక్కి వచ్చింది. భర్త మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది, ఆయన ఆధార్‌లో పూర్తిగా ఉంది, ఆవిడ ఆధార్‌లో భర్త పేరు పక్కన ఇంటిపేరే లేదు. చీటీలో కారణం ఒక్క ముక్క రాశారు: పత్రాలు సరిపోలడం లేదు. నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి మళ్లీ పెట్టాం. ఈసారి రేషన్ కార్డు అడ్డొచ్చింది. అందులో ఎవరో ఇక్కడి పద్ధతిలో ఊరిపేరు మొదటి అక్షరాన్ని పేరు ముందు పెట్టారు. అదీ సరిచేయించాం. మూడోసారి రెండు కార్డుల్లో వయసు రెండేళ్లు తేడా ఉందన్నారు. ఆ తేడా మొదటి రోజు నుంచీ అవే కాగితాల్లో ఉంది.

ఈ పనికి ఆవిడ తొమ్మిదిసార్లు తిరిగింది. పూలు తెల్లవారుజామున కె.ఆర్. మార్కెట్‌లో కొని తేవాలి, మధ్యాహ్నానికి వాడిపోతాయి. ఆఫీసుకెళ్లిన రోజు కొన్న పూలకు కొనేవాళ్లుండరు. మూడోసారి తిరిగొస్తుంటే గేటు బయట ఒకతను, మూడు వేలిస్తే వారంలో అయిపోతుందని చెప్పాడట.

మా క్లాసులో జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ పాఠం చెప్పేటప్పుడు పిల్లలు ఎక్కువగా పొరబడే మాట ఒకటుంది. ఆయన 'ఆదర్శ రూపం' అన్నాడు కదా, అంటే బ్యూరోక్రసీ ఆదర్శప్రాయమని చెప్పాడనుకుంటారు. అది కాదు. 1904లో రాసిన ఒక వ్యాసంలోనే ఆయన దాన్ని వివరించాడు. లోకంలో చెదురుమదురుగా కనిపించే లక్షణాలను ఏరి, పదునుపెట్టి, ఒక్కచోట పేర్చి మనసులో కట్టుకున్న బొమ్మ అది. అచ్చంగా అలాంటి ఆఫీసు ఎక్కడా ఉండదు. ఆ బొమ్మ పక్కన నిజం ఆఫీసును పెట్టి, ఎక్కడ కలిసింది, ఎక్కడ తప్పింది, ఎందుకు తప్పింది అని చూడాలి. బట్టల కొట్టులో గజంబద్దలాంటిది. గజంబద్దను ఎవరూ కట్టుకోరు, దాంతో కొలుస్తారు.

ఆ బొమ్మలో ఏముంది? ప్రతి అధికారికీ తన పరిధి రాసిపెట్టి ఉంటుంది. పైన ఒకరు, కింద ఒకరు ఉంటారు. పని కాగితం మీద, ఫైల్లో నడుస్తుంది. ఉద్యోగం చదువును, పరీక్షను బట్టి వస్తుంది, జీతం నెలనెలా వస్తుంది. ఆఫీసు సొమ్ము వేరు, ఇంటి సొమ్ము వేరు. అన్నిటికన్నా ముఖ్యం, ఎదురుగా నిలబడ్డవాడి మీద కోపం గానీ అభిమానం గానీ లేకుండా అందరికీ ఒకే నియమం వర్తిస్తుంది. 1920లో వెబర్ చనిపోయాక ఆయన భార్య మరియన్నె కూర్చి అచ్చువేయించిన పెద్ద గ్రంథంలో ఈ వర్ణన ఉంది.

ఈ చివరి లక్షణాన్ని నేను చాలా గౌరవిస్తాను. రాజుగారి దయ మీదో, జమీందారు మనసు మీదో బతుకు ఆధారపడిన కాలం మా తాతలు చూశారు. పూలమ్మే ఆవిడా, మీ బంధువూ ఒకే వరుసలో నిలబడాలంటే ముఖం చూడని నియమం కావాలి. కాబట్టి రూల్స్ తీసేయమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

ఆ గజంబద్దతో పెద్దమ్మ కేసును కొలిస్తే రెండు చోట్ల తేడా వచ్చింది. కౌంటర్ లోపల నియమం మరీ ఎక్కువైంది. గేటు బయట నియమమే లేదు, తెలిసినవాళ్లుంటే పనవుతుందన్న పాత పద్ధతి ఉంది. మామూలుగా మనం ఈ రెంటినీ వేర్వేరు జబ్బులనుకుంటాం. ఒకటి రెడ్ టేప్, ఇంకొకటి అవినీతి. నాకు మాత్రం ఈ కేసులో మొదటిదే రెండోదానికి గిరాకీ తెచ్చిపెట్టినట్టు కనిపించింది. లోపల దారి మూసుకుపోయింది కాబట్టే గేటు దగ్గరి మనిషి మాటకు విలువ వచ్చింది.

లోపల నియమం ఎందుకు ఎక్కువైంది? అమెరికన్ సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1940లో దీనికి ఒక జవాబు చెప్పాడు. నియమం మొదట ఒక పని కోసం పుడుతుంది. దాన్ని పాటించినవాడికి ఉద్యోగం భద్రం, తప్పినవాడికి సంజాయిషీ. కొన్నాళ్లకు పని వెనక్కి పోయి, నియమం పాటించడమే పని అవుతుంది. ఆయనిచ్చిన ఉదాహరణ బెర్న్ట్ బాల్కెన్ అనే నార్వే విమాన చోదకుడిది. అమెరికన్ నౌకాదళ అధికారి బర్డ్‌ను 1929లో దక్షిణ ధ్రువం మీదుగా విమానంలో తీసుకెళ్లింది ఆయనే. తర్వాత అమెరికా పౌరసత్వం అడిగితే, వరసగా అయిదేళ్లు దేశంలో ఉండలేదని కాదన్నారు. లేని రోజులు ఆ అమెరికన్ యాత్రలో గడిపినవే. దేశంతో సంబంధం ఉందో లేదో తేల్చడానికి పెట్టిన నియమం, ఆ సంబంధం కళ్లెదుట ఉన్నా చూడలేకపోయింది. పెద్దమ్మ విషయంలో కూడా పేర్లు సరిచూడమన్నది ఒకరి పింఛను ఇంకొకరు తీసుకోకుండా. ఆవిడ ఆవిడేనా అన్న ప్రశ్న మాత్రం మూడుసార్లలో ఎవరూ వేయలేదు.

ఇంటిపేరు గురించి కాస్త చెప్పాలి. మాకు ఇంటిపేరు ముందొస్తుంది, చాలాసార్లు ఒక్క అక్షరంగానే రాస్తాం. పెళ్లయ్యాక ఆడవాళ్లకు కొన్ని కాగితాల్లో మారుతుంది, కొన్నిట్లో పుట్టింటిదే ఉండిపోతుంది. ఇక్కడ చాలామంది ఊరిపేరు, తండ్రి పేరు ముందు పెట్టుకుంటారు. కంప్యూటర్ ఫారంలోనేమో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లుంటాయి. ఏ గడిలో ఏది రాయాలో ఆ రోజు సెంటర్లో కూర్చున్న కుర్రాడు నిర్ణయిస్తాడు. వెబర్ బొమ్మలో ఫైలు అంటే మనిషి గురించిన నమ్మకమైన జ్ఞాపకం. మన దగ్గర ఒకే మనిషికి నాలుగు ఫైళ్లు నాలుగు రకాల జ్ఞాపకాలు పెట్టుకున్నాయి. వాటి మధ్య తేడాకు జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం చదువు రాని పెద్దమ్మ.

ఇక మీ శాఖకు నేరుగా సంబంధించిన సంగతి. కర్ణాటక 2011లో పౌరసేవల హామీ చట్టం తెచ్చింది. మరుసటి ఏడాది నుంచి సకాల పేరుతో అమలవుతోంది. దరఖాస్తు పెట్టగానే పదిహేను అంకెల నంబరు వస్తుంది, గడువు దాటితే రోజుకు 20 రూపాయల చొప్పున, 500 మించకుండా పరిహారం అడగొచ్చు. ఇది మంచి చట్టమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. అయితే చట్టం అధికారికి రెండు దారులిచ్చింది: గడువులోపు సేవ అందించడం, లేదా కారణం చెప్పి తిరస్కరించడం. రెండిట్లో ఏది చేసినా గడువు దాటలేదనే లెక్క. పెద్దమ్మకు మూడుసార్లూ కొత్త నంబరు వచ్చింది, మూడుసార్లూ గడువు మొదటి నుంచి మొదలైంది. మీ దగ్గరికొచ్చే లెక్కలో అవి మూడు దరఖాస్తులు, మూడూ సకాలంలో పూర్తయినవి. ఏడు నెలల ఆలస్యం అందులో ఒక్కరోజుగా కూడా కనిపించదు.

ఇదీ కొత్త జబ్బు కాదు. పీటర్ బ్లౌ అనే పరిశోధకుడు అమెరికాలో ఒక ఉపాధి కార్యాలయంలో కూర్చుని చూసిన విషయాలను 1955లో పుస్తకంగా రాశాడు. అక్కడ మొదట్లో ఉద్యోగులు ఎందరిని ఇంటర్వ్యూ చేశారో లెక్కపెట్టేవారు. దాంతో వాళ్లు ఇంటర్వ్యూలు గబగబా ముగించి, పని దొరకడం కష్టమైనవాళ్ల మీద సమయం పెట్టడం తగ్గించారు. తర్వాత ఎందరికి పని ఇప్పించారన్నదీ లెక్కలోకి వచ్చింది. అప్పుడు కొందరు తమకు తెలిసిన ఖాళీలను పక్క సీటు వాళ్లకు చెప్పకుండా దాచుకున్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. దేన్ని లెక్కపెడితే దాన్నే చూసుకున్నారు. మన కౌంటర్లో గుమాస్తాకు కూడా అదే టెన్షన్. అనుమానమున్న కాగితం ఆమోదిస్తే రేపు ఆడిట్‌లో తన మెడకు చుట్టుకుంటుంది, ఆపితే గడువు దాటుతుంది, తిప్పి పంపితే ఏ బాధా లేదు.

వెబర్ గ్రంథంలో ఒక మాట మీకు చెప్పాలి. బ్యూరోక్రసీ చేసే ప్రతి పని వెనకా చర్చకు నిలబడే కారణం ఉంటుందన్నాడు. ఆ కారణం ఒక నియమం కింద కేసును చేర్చడమైనా కావచ్చు, ప్రయోజనాన్నీ దాని సాధనాలనూ తూచి చూడటమైనా కావచ్చు. రెండోది మన ఆఫీసుల్లో దాదాపు మాయమైంది. పత్రాలు సరిపోలడం లేదన్నది చర్చకు నిలబడే కారణం కాదు. ఏ పత్రం, ఏ అక్షరం, దానివల్ల ఏ అనుమానం, అది తీరాలంటే ఏం తేవాలి అని రాస్తే అది కారణం.

ఆయనే ఇంకో మాట కూడా అన్నాడు. ఫైళ్లూ వివరాలూ చేతిలో ఉన్న నిపుణుడైన అధికారి ముందు రాజకీయ నాయకుడు ఎప్పుడూ కొత్తవాడిలాగే నిలబడాల్సి వస్తుందని. మీకు వచ్చే నివేదికలో సకాలంలో పరిష్కారమైన శాతం ఉంటుంది. దాని లోపలికి చూడాలంటే మీరే అడగాలి.

అందుకే మూడు విషయాలు కోరుతున్నాను. తిరస్కరించిన దరఖాస్తును అదే మనిషి అదే సేవకు మళ్లీ పెడితే పాత నంబరుకే కలపండి, రోజుల లెక్క మొదటి తేదీ నుంచే నడవనివ్వండి. కాగితాల్లో ఉన్న లోపాలన్నీ మొదటిసారే ఒకే చీటీలో రాసివ్వాలని, అప్పుడు కనిపిస్తున్న లోపాన్ని తర్వాత కొత్తగా పట్టుకుని తిప్పి పంపకూడదని ఉత్తర్వు ఇవ్వండి. పేరు, ఇంటిపేరు, వయసు తేడాలు వచ్చినచోట స్థానికంగా విచారించి, ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ల వాంగ్మూలం తీసుకుని, ఎందుకు ఒప్పుకున్నారో ఫైల్లో రాసి సంతకం పెట్టే అధికారం ఒక స్థాయి అధికారికి ఇవ్వండి. అలా కారణం రాసి చేసిన నిర్ణయానికి ఆడిట్‌లో రక్షణ కూడా ఇవ్వాలి. అది లేకపోతే ఆ అధికారాన్ని ఎవరూ వాడరు.

ఈ మూడోదానికి ఒక ప్రమాదముంది, దాచను. నిర్ణయాధికారం ఇచ్చిన చోట అభిమానం, కులం, డబ్బు దూరే సందు ఉంటుంది. అందుకే కారణం రాతలో ఉండాలంటున్నాను. రాసిన కారణాన్ని పైఅధికారి చదవగలడు, అప్పీలులో ప్రశ్నించగలడు. గేటు దగ్గర కుదిరే బేరాన్ని ఎవరూ చదవలేరు.

ఇవన్నీ చేసేముందు ఒక చిన్న పరీక్ష చేయించండి. ఒక తాలూకాలో ఒక ఏడాది తిరస్కరించిన పింఛను దరఖాస్తులను ఆధార్ నంబరు వారీగా పేర్చమనండి. ఒకే మనిషి రెండోసారి, మూడోసారి ఎన్ని చోట్ల కనిపిస్తుందో, మొదటి తేదీకీ చివరి తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయో చూడండి. ఆ సమాచారం మీ కంప్యూటర్లలోనే ఉంది.

పెద్దమ్మ నాలుగో దరఖాస్తు పోయిన సోమవారం పెట్టాం. కొత్త నంబరు చీటీ పూలబుట్టలో ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాచుకుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సమాజశాస్త్ర అధ్యాపకుడు,
మారతహళ్లి, బెంగళూరు