ఆ పెళ్లిలో మీరు చేసిన పని ఏంటి?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన మాఘమాసంలో హనుమకొండలో మా చెల్లెలి బిడ్డ పెళ్లి చేశాం. పనుల టెన్షన్ పడలేక మా బావగారు ఒక ప్లానర్‌కి అప్పజెప్పారు. ఫోన్‌లో అతని ప్రొఫైల్ చూసే ఒప్పుకున్నారు. చేసిన ఈవెంట్లు 400 పైన, వెండర్లు 60 మంది, రివ్యూలన్నీ ఐదు స్టార్లే అని అందులో ఉంది. కాజీపేటలో 22 ఏళ్లు టెంట్ హౌస్ నడిపిన నేను కూడా ఆ అంకెల గురించి అప్పుడు అడగలేదు. ఆ బాధ ఇంకా పోలేదు.

పెళ్లి భోజనానికి 900 ప్లేట్లు మాట్లాడుకున్నాం. తలంబ్రాలు అయ్యి, జనం భోజనాలకు లేచేసరికి ఒంటిగంట. నలభై నిమిషాల్లో బగారా అన్నం అయిపోయింది. మగపెళ్లివారి పెద్దలు ఖాళీ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. వంటల దగ్గరికి ఉరికాను. అక్కడున్నది ప్రొఫైల్‌లో పేరున్న క్యాటరర్ మనుషులు కాదు. గంటె పట్టుకున్న కుర్రాడు, "నిన్న రాత్రి చెప్పారు సార్, ఆరు వందల మందికని" అన్నాడు. వడ్డించేవాళ్లు పన్నెండు మందే ఉన్నారు. అంతమంది జనానికి ముప్పై మందైనా కావాలి. మళ్లీ అన్నం దిగడానికి ముప్పావుగంట పట్టింది. ఈలోపు చాలామంది తినకుండానే వెళ్లిపోయారు.

ప్రొఫైల్‌లో పేరున్న క్యాటరర్ నాకు పాత పరిచయమే. తర్వాత ఫోన్ చేస్తే ఇలా అన్నాడు: "ఆయన దగ్గర పాత బాకీ ఉంది అన్నా. ఆ రోజు మాకు ఇంకా రెండు పెళ్లిళ్లున్నయి, అటే పోయినం." ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. మూఢం పోయి మంచి ముహూర్తం వస్తే ఒకే రోజు ఊళ్లో పదుల పెళ్లిళ్లుంటాయి. టెంటు, లైటింగు, వంట, డెకరేషన్ వాళ్లు ముందు లెక్క తీర్చే ప్లానర్ దగ్గరికే తమ మంచి మనుషులను పంపుతారు. నేనూ అదే చేసేవాణ్ని. బాకీ పెట్టినవాడి పనికి మిగిలిన మనుషులే పోతారు, లేదంటే ఎవరూ పోరు. కాబట్టి వెండర్ల జాబితా పొడుగు చూసి లాభం లేదు. వాళ్లలో ఇద్దరికి స్వయంగా ఫోన్ చేసి, "పోయిన సీజన్‌లో ఈయనతో ఎన్ని పెళ్లిళ్లు చేశారు? మా తేదీ మీ పుస్తకంలో రాసుకున్నారా?" అని అడగాలి. మొదటి ప్రశ్నకే జవాబు తడబడితే, ఆ పేరు జాబితాలో ఊరికే ఉన్నట్టు.

ఇక ఆ 400 ఈవెంట్ల సంగతి. నేను కుర్చీలు, షామియానాలు పంపిన పెళ్లిళ్లు వేలల్లో ఉంటాయి. వాటిలో ఒక్కటి కూడా నేను చేసిన పెళ్లి అని చెప్పుకోలేను. పుట్టినరోజుకు బెలూన్లు కట్టినా, ఓణీల ఫంక్షన్‌కి ఫొటోగ్రాఫర్‌ను కుదిర్చినా, పెళ్లి మొత్తం భుజాన వేసుకున్నా ప్రొఫైల్‌లో మాత్రం ఒకే లెక్క. ఒక్కో ఈవెంట్ కింద ఏ నెల, ఏ ఊరు, ఎంతమంది జనం, తాము చేసిన పని ఏంటి అని ఒక్క వరుస రాస్తే చాలు. పదిహేను పెళ్లిళ్లకు అలా రాసినవాడిని నమ్మొచ్చు. ఫొటోల్లో కూడా స్వాగతం బోర్డు మీద పేర్లు కనబడకుండా కత్తిరించారేమో చూడండి. మేం తర్వాత పట్టి చూస్తే ఆ ప్రొఫైల్‌లో సగం మండపాలకు అలాగే ఉంది.

రివ్యూలు పంతొమ్మిది ఉంటే, అందులో పద్నాలుగు ఆషాఢంలో ఒకే వారంలో పడినవి. ఆషాఢంలో మన దగ్గర పెళ్లిళ్లెక్కడివి? అన్నిట్లోనూ "సూపర్ వర్క్" లాంటి ఒక్క ముక్కే. నిజంగా పెళ్లి చేసుకున్నవాళ్లు హాలు సంగతి, వాన పడ్డ సంగతి, జనరేటర్ ఆగితే ఎంతసేపట్లో సరిచేశారో రాస్తారు. మండపం దగ్గరే ఫోన్ చేతికిచ్చి రాయించుకున్న రివ్యూ కన్నా, బ్యాలెన్స్ లెక్క తేలాక రాసింది నమ్మదగినది.

ఆన్‌లైన్ రివ్యూలకు భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022లోనే ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. కానీ పాటించాలన్న నిర్బంధం అప్పుడు పెట్టలేదు. తప్పుదోవ పట్టించే ప్రకటన మీద మాత్రం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయొచ్చు. హెల్ప్‌లైన్ నంబరు 1915. మోసపోయిన కుటుంబాలు పెళ్లి మాట బయటపడుతుందని ఊరుకుంటున్నాయి. మేమూ రెండు నెలలు ఊరుకున్నాం. ఇప్పుడు అగ్రిమెంట్, రసీదులు తీసుకుని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాం.

సీజన్‌కు ముందు మీ జిల్లా పేజీల్లో ప్లానర్ల ప్రకటనలు వస్తుంటాయి. ఈవెంట్ల సంఖ్య వేసేవాళ్లను, అందులో పూర్తిగా తాము నడిపిన పెళ్లిళ్లు ఎన్నో కూడా రాయమని అడగండి. మన ఫంక్షన్ హాళ్ల యజమానులు కూడా తమ బోర్డు మీద ప్లానర్ల పేర్లు పెట్టేముందు అదే అడగాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, కాజీపేట