గేదెల తొట్టి

చిరంజీవి కిట్టుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. గేదె ఈనింది, పెయ్యదూడ. జున్నుపాలు నీకెలా చేర్చాలా అని మీ అమ్మ హడావిడి. పది రోజులుగా నువ్వు ఫోన్ ఎత్తడం లేదు, పనిలో ఉండి ఉంటావులే.

మొన్న పెళ్లిలో శేషు కనిపించాడు. చెన్నైలో పరుగు చివర్లో నువ్వు తూలావనీ, ఒకటడిగితే ఒకటి చెప్పావనీ అన్నాడు. వాడు గోరంతలు కొండంతలు చేసే రకమే. అమ్మకి చెప్పలేదు.

పరుగు మానమనను. ముప్పై ఏళ్లు డ్రిల్ మాస్టారుగా చేసినవాణ్ణి. కండరాలు వాడే శక్తిలో పావు వంతే పరుగుకి పోతుంది, మిగతాదంతా వేడే. ఒంటి లోపల 102 దాకా ఎక్కడం మామూలే. అలవాటున్నవాళ్లు 104 దగ్గర కూడా బాగానే ఉండొచ్చు. చెమట ఆరితేనే ఆ వేడి పోతుంది, కారితే పోదు. మీ చెన్నై ఉక్కలో అది ఆరేదెక్కడ? 104 దాటి, మనిషి తీరు కూడా మారితే అది వడదెబ్బే. శేషు మాట నాకు నిద్ర పట్టనివ్వనిది అందుకే.

పాలేటివాళ్ల పిల్లాడు గుర్తున్నాడా? జోనల్ ఆటల ఎంపికకి 5 కిలోమీటర్లు పరిగెత్తించాను. ఎండ లేదు, మబ్బూ ఉక్కా. ముందురోజు జ్వరమొస్తే వాడు దాచాడు. ఆఖరి మలుపులో వెనక్కి తిరిగి పరుగెత్తాడు. పట్టుకుంటే నన్ను 'పెద్దనాన్నా' అంటూ గుద్దాడు. పిల్లలు నవ్వారు. ఒళ్లంతా చెమట. వడదెబ్బకి చెమట పట్టదని విని ఉన్నాను కదా, నీరసమనుకుని నిమ్మకాయ నీళ్లు పట్టించబోయాను. ఆ ఐదు నిమిషాలు నా తప్పే.

కాంపౌండరు పరుగున వచ్చాడు. చంకలో థర్మామీటరు 101 చూపించింది. "లోపలి వేడి దీనికేం తెలుస్తుంది మాస్టారూ, తొట్టిలో దించండి" అన్నాడు. మన గేదెల తొట్టే. మెడ దాకా ముంచి చంకల కింద నేను పట్టుకున్నాను. సోడా కొట్టు ఐసు మొత్తం అందులో గుమ్మరించారు. ఒంటి చుట్టూ నీళ్లు వెచ్చబడతాయని పిల్లలు కలుపుతూనే ఉన్నారు. పావుగంటకి వాడు "నన్నెందుకు ముంచారు సార్?" అన్నాడు. అప్పుడు జీపెక్కించాం. ముందు చల్లార్చడం, తర్వాతే ఆస్పత్రి. అరగంటలో 102కి దిగాలి, లేకపోతే లివరు, కిడ్నీలు దెబ్బతింటాయి. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు, ఇది జ్వరం కాదు.

మీ ఫ్లాట్‌లో తొట్టి లేదు కదా. తువ్వాళ్లు ఐసు నీళ్లలో ముంచి ఒళ్లంతా కప్పి, మార్చి మార్చి వేయమని నీ స్నేహితులకి చెప్పి ఉంచు. జలుబున్నా, నిద్ర లేకపోయినా ఆ రోజు పరిగెత్తకు. పాఠం మొదలెట్టాను, చూశావా.

ఆ రోజు నీకు ఒంట్లో బాగానే ఉందా? డాక్టరుకి చూపించుకుని, లివరుకీ కిడ్నీలకీ రక్త పరీక్ష చేయించుకున్నాకే మళ్లీ బూట్లు వేసుకో. శనివారం శేషు చేత జున్నుపాలు పంపుతున్నాం. చేరగానే జున్ను వండుకో, లేకపోతే పాడైపోతాయి. ఈసారి ఫోన్ ఎత్తు.

మీ నాన్న