బాల్కనీలో కాల్చినా పాపకు చేరుతుంది

సంపాదకులకు,

మా తమ్ముడు ఇంట్లో సిగరెట్ ముట్టించడు. బాల్కనీలో కాల్చి, వెంటనే వచ్చి తొమ్మిది నెలల పాపను ఎత్తుకునేవాడు. పాపేమో వాడి చొక్కా కాలర్ నోట్లో పెట్టుకుని చప్పరించేది. అది చూసి నా ప్రాణం ఉసూరుమంది. పొగలోని నికోటిన్ బట్టలకు, సోఫాకు, కర్టెన్లకు పట్టేసి నెలల తరబడి ఉంటుంది. పాకే పిల్లలు నేల తడిమిన చేతులే నోట్లో పెట్టుకుంటారు. ఫ్యాను వేసినా, సెంటు కొట్టినా అది పోదు.

ఇప్పుడు వాడు తలుపులు, కిటికీలకు దూరంగా, పైన వేరే చొక్కా తొడుక్కుని కాలుస్తున్నాడు. ఆ చొక్కా బయటే వదిలి, సబ్బుతో చేతులు, ముఖం కడుక్కుంటున్నాడు. ఆపేశాక కూడా కాసేపు ఊపిరిలో పొగ వస్తుంది కాబట్టి, కొంతసేపు ఆగాకే పాపను ఎత్తుకుంటున్నాడు. జుట్టుకు పట్టింది మాత్రం అలాగే ఉంటుంది. అందుకే మానడానికి డాక్టరును కలవమని వెంటపడుతున్నాను.

– ఓ మేనత్త